సెలవు కాగితం మీద నిబద్ధత

రాయపూర్‌లోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మేనేజ్‌మెంట్‌లో 2013 నుంచి పనిచేస్తున్న ఒక మహిళా అధికారిణి 2023 నవంబరులో రెండు రోజుల పసిపాపను దత్తత తీసుకుని, 180 రోజుల సెలవు కోరారు. తమ సిబ్బంది నిబంధనావళిలో దత్తత సెలవు అన్నదే లేదంటూ సంస్థ ఆ దరఖాస్తును తోసిపుచ్చింది. 60 రోజుల కమ్యూటెడ్ సెలవు మాత్రం ఇవ్వగలమన్నది. మేనేజర్లను తయారుచేయడమే పనిగా గల విద్యాసంస్థ తన ఉద్యోగిని విషయంలో ఇలా వ్యవహరించడం విడ్డూరమే.

కమ్యూటెడ్ సెలవు అంటే ఏమిటో తెలిస్తే ఈ ఔదార్యం విలువ బోధపడుతుంది. కేంద్ర ప్రభుత్వ సెలవు నిబంధనల ప్రకారం ఉద్యోగికి ఏటా 20 రోజుల అర్ధవేతన సెలవు జమ అవుతుంది. దానిని పూర్తి జీతంతో వాడుకుంటే అది కమ్యూటెడ్ సెలవు. అప్పుడు ఖాతా నుంచి రెట్టింపు రోజులు కోత పడతాయి. ఆ లెక్కన 60 రోజులకు 120 రోజులు, అంటే ఆరేళ్ల జమ, ఒక్కసారిగా ఖర్చయిపోతుంది. అదే 1972 నాటి నిబంధనలలోని 43-బి కింద ఇచ్చే దత్తత సెలవు 180 రోజులూ జీతంతో కూడినదే గాక, సెలవు ఖాతా నుంచి ఒక్క రోజు కూడా తగ్గించదు. బిడ్డ వయసు ఏడాది లోపు ఉండాలి, తల్లికి అప్పటికి ఇద్దరు కంటే తక్కువ పిల్లలుండాలి. షరతులు ఇవే.

ఈ తేడా అసలు నొప్పి కలిగించేది తరువాతి కాలంలోనే. పసిబిడ్డ కోసం ఖాతా ఊడ్చుకున్న ఉద్యోగిని, రెండేళ్లకు తండ్రికి పక్షవాతం వచ్చినప్పుడు చేతిలో ఏ సెలవూ లేక పై అధికారి గది ముందు నిలబడవలసి వస్తుంది. ‘ఈమె ఎప్పుడూ సెలవు మీదే ఉంటుంది, పనిపై శ్రద్ధ లేదు’ అనే మాట పుట్టేది అక్కడే. మొదట నిరాకరించిన సెలవు సంగతి అప్పుడెవరికీ గుర్తుండదు.

రాయపూర్ వివాదం బిలాస్‌పూర్‌లోని ఛత్తీస్‌గఢ్ హైకోర్టుకు చేరింది. నిబంధనావళి మౌనంగా ఉన్న అంశాలలో కేంద్ర ప్రభుత్వ నిబంధనలే వర్తిస్తాయని ఆ నిబంధనావళే చెబుతున్నదని న్యాయస్థానం గుర్తించింది. దత్తత తల్లికీ కన్నతల్లికీ భేదం చూపరాదనీ, ఈ సెలవు యజమాని దయాభిక్ష కాదనీ జస్టిస్ బిభు దత్త గురు 2025 మే నెలలో తీర్పు చెప్పారు. 2017లో సవరించిన ప్రసూతి ప్రయోజనాల చట్టం కింద అప్పటికే మంజూరైన 84 రోజులు పోగా, మిగిలిన 96 రోజులూ ఆమెకు దక్కాలి. అయితే తీర్పు వచ్చేనాటికి పాపకు ఏడాదిన్నర నిండింది. తల్లి ఒడిలో గడవవలసిన తొలి నెలలను ఏ ఉత్తర్వూ వెనక్కి తేలేదు.

ఇటువంటి కథే అండమాన్‌లోనూ జరిగింది. పదో తరగతి చదివే కుమారుడు, గుండెజబ్బుతో ఉన్న తల్లి, మంచం పట్టిన మామగారు; చూసుకునే దిక్కు తానొక్కతే. ఆ ఉద్యోగిని 2012లో ఆరు నెలల శిశు సంరక్షణ సెలవు కోరారు. దరఖాస్తు పరిశీలనలో ఉండగానే ఆమెను దూరాన ఉన్న క్యాంప్‌బెల్ బేకు బదిలీ చేశారు. ఆపై 2013లో ఆమె 730 రోజులు కోరితే 45 రోజులు ఇచ్చి సరిపెట్టారు. 730 రోజుల సెలవు ఎందుకు ఇవ్వలేరో అధికారులు కారణం చూపలేదని సుప్రీంకోర్టు 2014 ఏప్రిల్‌లో ఆమె పక్షాన తీర్పునిచ్చింది.

ఇక్కడొక మెలిక ఉంది. శిశు సంరక్షణ సెలవును హక్కుగా కోరరాదని, ముందస్తు అనుమతి లేకుండా వెళ్లరాదని నిబంధనే చెబుతుంది. రెండవ 365 రోజులకు జీతం 80 శాతమే. అధికారికి విచక్షణ ఉన్నమాట నిజమే కాని, ఆ విచక్షణకు కారణం రాసి చూపవలసిన బాధ్యత కూడా ఉన్నది. కారణం రాయని తిరస్కరణ న్యాయస్థానంలో నిలబడటం కష్టం. కాబట్టి ఉద్యోగిని నోటిమాట తిరస్కరణతో వెనుదిరగక, ఏ నిబంధన కింద కోరుతున్నదీ దరఖాస్తులో పేర్కొని, జవాబు కూడా రాతపూర్వకంగా అడగడం మేలు.

కన్నవారి సేవకు మాత్రం పేరు పెట్టిన సెలవే లేదు. 2025 జులైలో రాజ్యసభలో ఈ ప్రశ్న వచ్చినప్పుడు కేంద్ర మంత్రి జితేంద్ర సింగ్, ఏటా లభించే 30 రోజుల ఆర్జిత సెలవు, 20 రోజుల అర్ధవేతన సెలవు, 8 రోజుల సాధారణ సెలవు, 2 ఐచ్ఛిక సెలవులను వృద్ధులైన తల్లిదండ్రుల సంరక్షణకు కూడా వాడుకోవచ్చునని సమాధానమిచ్చారు. పెళ్లికీ, జ్వరానికీ, పండక్కీ వాడేవి కూడా ఈ సెలవులే.