వారానికి 19 గంటల నిద్రబాకీ

హాస్టల్ పిల్లల తల్లిదండ్రులారా!

పోయిన మంగళవారం తెల్లవారుజామున 4.45కి స్టడీ అవర్‌కి దిగుతూ ఒక ఇంటర్ పిల్లవాడు మెట్ల మీద నిద్రలో తూలి పడ్డాడు. చెయ్యి విరిగింది. యాజమాన్యం ఇంటికి పంపిన సమాచారంలో కారణం 'అజాగ్రత్త' అని రాసింది. అసలు కారణం ఏమిటో లెక్క వేసి చూద్దాం.

ముందు పిల్లవాడికి ఎంత నిద్ర కావాలో తెలియాలి. సెలవులకు ఇంటికొచ్చిన మొదటి నాలుగైదు రాత్రులు వదిలెయ్యండి, అవి పాత బాకీ తీర్చే రాత్రులు. ఆ తర్వాత అలారం లేకుండా తనంతట తాను లేచిన రోజుల సగటు తియ్యండి. మా వాడికి ఎనిమిదిన్నర గంటలు వచ్చింది. ఈ వయసుకు 8 నుంచి 10 గంటలు కావాలని నిద్ర వైద్యులూ చెబుతారు.

హాస్టల్లో రాత్రి 11కి లైట్లు ఆపుతారు, 4.30కి బెల్లు కొడతారు. అంటే ఐదున్నర గంటలు. రాత్రికి మూడు గంటల చొప్పున ఆరు రాత్రులకు 18 గంటల లోటు. 'ఆదివారం పడుకుంటారు కదా' అంటారు. ఆదివారం బెల్లు 6.30కి. ఆ రాత్రి కూడా ఒక గంట తక్కువే. బాకీ తీరకపోగా 19 అయింది.

ఇంటి దగ్గర రోజూ పదిన్నర గంటలు పడుకుంటే రాత్రికి రెండు గంటలు తీరుతుంది. అలా ఒక్క వారం బాకీకే దాదాపు పది రాత్రులు కావాలి. దసరాకి మీ పిల్లల్ని ఎన్ని రాత్రులు ఇంట్లో ఉంచారు?

పోగొట్టుకున్న ప్రతి గంటా తిరిగి పడుకోనక్కర్లేదన్నది నిజమే. 1964లో అమెరికాలో ర్యాండీ గార్డ్‌నర్ అనే 17 ఏళ్ల కుర్రాడు 264 గంటలు మేలుకుని, మొదటి నిద్రలో 14 గంటలే పడుకున్నాడు. శరీరం గాఢనిద్రను ముందుగా రాబట్టుకుంటుంది. కానీ అది ఒక్కసారి చేసిన జాగారం. మన పిల్లలది నెలల తరబడి కోత. వాల్టర్ రీడ్ సైనిక పరిశోధన సంస్థ 2003లో ప్రచురించిన ప్రయోగం చూడండి. ఏడు రాత్రులు ఐదేసి గంటలే మంచం మీద ఉండనిచ్చిన పెద్దవాళ్లకు, తర్వాత మూడు రాత్రులు ఎనిమిదేసి గంటలిచ్చినా చురుకుదనం మునుపటి స్థాయికి రాలేదు. ఇక ఒక్క ఆదివారంతో ఏం తీరుతుంది?

'పిల్లలు అలవాటుపడ్డారు' అనే మాట ఇక వినొద్దు. అలవాటయ్యేది మత్తు. నిద్రలేమిలో ఉన్నవాడికి తాను ఎంత మందగించాడో తెలియదు. పడుకున్న రెండు నిమిషాల్లో మొద్దునిద్ర, చదివిన వాక్యమే మళ్లీ చదవడం, లేపితే తప్ప లేవకపోవడం, ఇవి బాకీ గుర్తులు. ర్యాంకుల పేరుతో ఈ గంటలు దోచుకుంటున్నారు, ఆ దోపిడీకి మనమే ఫీజు కడుతున్నాం!

రాత్రి 10కి లైట్లు ఆపాలి. బెల్లు 6.30కి కొట్టాలి. తెల్లవారుజాము స్టడీ అవర్ ఎత్తెయ్యాలి. ఆదివారం బెల్లే ఉండకూడదు. ప్రతిసారీ సెలవుల్లో కనీసం పది రాత్రులు, హోంవర్కు లేకుండా ఇంటికి పంపాలి.

వచ్చే ఆదివారం ఉదయం 10కి, ఔటింగ్ వేళ, గేటు దగ్గర కలుద్దాం. మీ బిడ్డ వారం లెక్క ఒక కాగితం మీద రాసుకుని రండి. అన్నీ కలిపి ప్రిన్సిపాల్ చేతికిద్దాం.

— ఒక విద్యార్థి తండ్రి