ముందు అంచనా, తర్వాతే గడియారం

ఏటా లోలకం ప్రయోగం రికార్డులు దిద్దేటప్పుడు నాకు ఒకే వింత కనిపిస్తుంది. నలభై మంది పిల్లలు, నలభై పుస్తకాలు. గురుత్వ త్వరణం విలువ మాత్రం అందరికీ సరిగ్గా 9.8! గడియారం నొక్కిన వేళ్లు నలభై రకాలైతే జవాబు ఒక్కటే ఎలా అవుతుంది? జవాబు ముందు రాసుకుని, దానికి తగ్గట్టు సెకన్లు నింపారన్నమాట. ఈ అలవాటు పోవాలంటే, గడియారం ముట్టుకోక ముందే ప్రతి విద్యార్థీ తన అంచనాను సిరాతో రాయాలని నా అభిప్రాయం. ఎందుకో చెబుతాను.

అంచనా వేయడం కష్టమేమీ కాదు. డోలన కాలానికి మీకు తెలిసిన సూత్రం T = 2π√(L/g). ఇందులో g విలువ 9.8, దాని వర్గమూలం 3.13. π విలువ 3.14. రెండూ దాదాపు సమానమే కనుక ఒకదానితో ఒకటి కొట్టివేస్తే T ≈ 2√L మిగులుతుంది. పొడవు మీటర్లలో, కాలం సెకన్లలో ఉండాలి. మీటరు లోలకానికి 2 సెకన్లు, పావు మీటరు లోలకానికి 1 సెకను. నోటితోనే లెక్క కట్టవచ్చు.

ఇక కొలత. ఒక లోలకం పొడవు, దారం కట్టిన చోటు నుంచి గుండు మధ్యకు, 64 సెంటీమీటర్లు అనుకుందాం. 0.64 వర్గమూలం 0.8 కనుక అంచనా 1.6 సెకన్లు. ఒక్క డోలనాన్నే కొలిస్తే ఏమవుతుంది? కన్ను చూసి, వేలు నొక్కేసరికి మొత్తం మీద 0.2 సెకను అటూ ఇటూ కావడం మామూలే. అప్పుడు మీకు 1.4 రావచ్చు, 1.8 రావచ్చు. 1.8 వస్తే g విలువ 7.8 అవుతుంది, 1.4 వస్తే 12.9 అవుతుంది! ఇప్పటి ఫోను గడియారం సెకనులో నూరో వంతు చూపినా లాభం లేదు. అంకెలు పెరిగాయి గాని వేలు పాతదే.

20 డోలనాలు కలిపి కొలవండి. వేలు నొక్కేది మొదట ఒకసారి, చివర ఒకసారి. మధ్యలో దానికి పని లేదు. అందుచేత ఆ 0.2 సెకను ఇరవై డోలనాలకూ పంచబడి, ఒక్కోదానికి 0.01 మాత్రమే వస్తుంది. g విలువ 9.7, 9.9ల దరిదాపుల్లో ఉంటుంది. గుండు చివర ఆగి తిరిగేటప్పుడు కాక, మధ్యలో వేగంగా పోయేటప్పుడు నొక్కండి. చివర అది ఎప్పుడు ఆగిందో కంటికి తేలదు. దారం వెనుక గోడ మీద సుద్దముక్కతో ఒక గీత గీసుకుంటే చాలు.

అయితే ఇరవై డోలనాలు వేలి తప్పును తగ్గిస్తాయి గాని, లెక్క తప్పును తగ్గించవు. మా బడిలో ఒక అమ్మాయి ఈ పొడవుతోనే మూడుసార్లు కొలిచింది. మూడుసార్లూ సుమారు 30.5 సెకన్లే వచ్చాయి. మూడూ కలిశాయి కనుక సరైనదేనని సంతోషించింది. g మాత్రం 10.9 వచ్చింది. వెంటనే రబ్బరు తీసింది.

“ఆగమ్మా, నీ అంచనా ఎంత?” అన్నాను.

“ఇరవైకి 32 సెకన్లండీ.”

“తేడా?”

“ఒకటిన్నర సెకను.”

వేలి తప్పు అంత ఉండదు. ఒకటిన్నర అంటే దాదాపు ఒక పూర్తి డోలనం. కారణం ఆమెకే తట్టింది. గడియారం నొక్కుతూనే “ఒకటి” అని లెక్క మొదలుపెట్టింది. “ఇరవై” అనేసరికి అయినవి పంతొమ్మిదే! “సున్న” అంటూ మొదలుపెట్టి మళ్లీ కొలిచింది. 32.1 సెకన్లు వచ్చింది; g విలువ 9.8కి చేరింది. మూడుసార్లు కొలిచినా బయటపడని తప్పును అంచనా పట్టుకుంది.

అంచనా అన్ని తప్పులనూ పట్టదు. గుండు వ్యాసార్ధం మరిచి పొడవు 63 అని రాస్తే, ఇరవై డోలనాలకు తేడా పావు సెకనే. అది వేలి తప్పులో కలిసిపోతుంది. అందుకే పొడవును స్కేలుతో జాగ్రత్తగా కొలవక తప్పదు.

“అంచనా ముందే రాయిస్తే పిల్లలు దానికి సరిపోయేటట్టు అంకెలు దిద్దుకోరా?” అని తోటి ఉపాధ్యాయులు అడుగుతారు. ఇప్పుడు దిద్దుకుంటున్నది చాటుగానే కదా! అంచనా, కొలత, తేడా, తేడాకు కారణం అని రికార్డులో నాలుగు గడులు పెడదాం. మార్కులు నాలుగో గడికి ఎక్కువ వేద్దాం. అప్పుడు 30.5ను కొట్టివేయకుండా ఉంచి, పక్కన “పంతొమ్మిదే లెక్కించాను” అని రాసిన పుస్తకానికి, ఊరికే 9.8 రాసిన పుస్తకం కంటే ఎక్కువ మార్కులు వస్తాయి. నా చేతిలో ఉన్నంతవరకు నేను అలాగే వేస్తున్నాను.