వేలిముద్ర రైతుకు దళారిని తగిలించింది ఎవరు?

సంతకం రాని రైతు బ్యాంకుకు పోతే కౌంటరులో మొదట వినిపించే మాట "సాక్షిని తెచ్చుకో". ఖాతా తెరిచేటప్పుడు ఈ మాట అంటే తప్పు లేదు. కానీ సొంత ఖాతాలో సొంత డబ్బు తీసుకోవడానికి వచ్చిన ప్రతిసారీ ఇదే మాట అంటున్నారు. బ్యాంకు ముందున్న టీ కొట్టు దగ్గర వంద రూపాయలకు సాక్షి సంతకం పెట్టే మనిషి పుట్టుకొచ్చింది ఇందువల్లే. ఆ దళారిని మనం తెచ్చుకోలేదు. బ్యాంకు తన పనిని మన నెత్తిన వేసి వాణ్ని తయారు చేసింది.

అసలు నిబంధన ఏమిటో ముందు చెప్పుకుందాం. చదువు రానివారికి కరెంట్ ఖాతా తప్ప మిగతా డిపాజిట్ ఖాతాలు తెరవొచ్చని రిజర్వు బ్యాంకు బ్యాంకులకు చెప్పింది. ఖాతా కావాల్సిన మనిషి స్వయంగా రావాలి. తనకూ బ్యాంకుకూ తెలిసిన ఒక సాక్షిని వెంట తెచ్చుకోవాలి. మామూలుగా చెక్కుబుక్కు ఇవ్వరు. ఇక డబ్బు తీసేటప్పుడు, ఖాతాదారు బ్యాంకు అధికారి ఎదుట వేలిముద్ర వేయాలి, ఆ మనిషి ఎవరో ఆ అధికారే సరిచూసుకోవాలి. ఈ చివరి మాటను మళ్లీ ఒకసారి చదవండి. సరిచూసుకోవాల్సింది అధికారి. టీ కొట్టు దగ్గర మనిషి కాదు.

ఇలా ఎందుకు పెట్టారంటే, సంతకాన్ని గుమాస్తా కార్డు మీది నమూనాతో కంటితో పోల్చి చూడగలడు. వేలిముద్ర గీతల్ని అలా పోల్చడం ఎవరి వల్లా కాదు. కాగితం మీద ముద్ర ఒక్కటే ఉంటే అది ఎవరిదో తెలియదు. అందుకే మనిషి ఎదురుగా ఉండాలి, పాస్‌బుక్ మీది ఫొటోనూ ముఖాన్నీ చూడాలి, ముద్ర కళ్ల ముందు పడాలి. ఈ మూడూ జరిగితే ఆ ముద్రకు సంతకంతో సమానమైన విలువ ఉంది. రాయడం రానివారి విషయంలో గుర్తు వేయడం కూడా సంతకం కిందికే వస్తుందని 1897 నాటి జనరల్ క్లాజెస్ చట్టమే చెబుతోంది. "వేలిముద్రగాళ్లు" అని నవ్వే చదువుకున్నవాళ్లు ఇది తెలుసుకుంటే మంచిది.

అధికారి చూడకుండా సాక్షి సంతకంతో సరిపెట్టుకుంటే ఏం జరుగుతుందో అనంతపురం జిల్లాలో మా దృష్టికి వచ్చిన ఒక సంగతి చెబుతాం. పేర్లు రాయడం లేదు. రెండెకరాల వేరుశనగ చేను ఉన్న ఒక వితంతువు ఆమె. పీఎం కిసాన్ విడతలు, చెనక్కాయలు అమ్మిన డబ్బు కలిపి ఖాతాలో 7,400 రూపాయలు ఉన్నాయి. ఎరువుకు 2,000 కావాలని బ్యాంకుకు వచ్చింది. సాక్షి కావాలన్నారు. "నా ముద్ర నాదే కదా నాయనా, దానికి ఇంకొకరెందుకు?" అని అడిగింది. జవాబు రాలేదు. ఎప్పుడూ వచ్చే మనిషి దగ్గరికే పోయింది. అతను ఖాళీ విత్‌డ్రాయల్ ఫారం మీద ముందు వెనుక ముద్ర వేయించుకుని, "ఎండలో నిలబడొద్దు పెద్దమ్మా, నేనే తెస్తా" అని లోపలికి పోయి రెండు వేలు తెచ్చి ఇచ్చాడు. తన వంద తీసుకున్నాడు. పాస్‌బుక్ మాత్రం, ప్రింట్ వేయించి ఇస్తానని తన దగ్గరే ఉంచుకున్నాడు.

మూడు వారాలకు పాస్‌బుక్ చేతికి వచ్చింది. ఎనిమిదో తరగతి చదివే మనవడు చదివి చూస్తే ఆ తేదీన తీసింది 5,000, నిల్వ 2,400 అని ఉంది. మేం ఆమెతో కలిసి శాఖకు పోయి, రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి, ఆ రోజు ఫారం చూపించమన్నాం. ముద్ర ఆమెదే. పక్కన సాక్షి సంతకం ఉంది. మా ఎదుట వేశారు అని అధికారి రాసి సంతకం పెట్టాల్సిన చోటు మాత్రం ఖాళీ. మేనేజరు ఆ కాగితం చూసి చాలాసేపు మాట్లాడలేదు. పదకొండో రోజున మూడు వేలూ ఆమె ఖాతాలో తిరిగి పడ్డాయి. దళారి చేత కట్టించారో, బ్యాంకే కట్టిందో మాకు చెప్పలేదు.

బ్యాంకువాళ్ల వాదన కూడా మేం విన్నాం. సిబ్బంది తక్కువ, జనం ఎక్కువ, వేరే మనిషికి డబ్బు పోతే తమ ఉద్యోగానికి ముప్పు అంటారు. సిబ్బంది తక్కువన్న మాట నిజమే. దాని కోసం వాళ్ల యూనియన్లు కొట్లాడితే మేమూ పక్కన నిలబడతాం. కానీ ఉద్యోగానికి ముప్పన్న భయమే నిజమైతే, ముఖం చూడకుండా సాక్షి తెచ్చిన కాగితానికి డబ్బు ఇవ్వడం ఏం జాగ్రత్త? ఫొటోతో ముఖం పోల్చడానికి ఎంతసేపు పడుతుంది?

మన ఊళ్లలో ఉన్న ఒక భయం గురించి కూడా చెప్పాలి. ఖాతా తెరవడానికి సాక్షిగా రమ్మంటే పక్కింటివాడు కూడా వెనకాడుతున్నాడు. రేపు వాళ్ల అప్పు తన మీద పడుతుందని అనుకుంటున్నాడు. పడదు. సాక్షి వేరు, జామీను వేరు. ఈ మనిషి ఫలానా, నాకు తెలుసు, నా ఎదుట ముద్ర వేశారు అని చెప్పడంతో సాక్షి పని అయిపోతుంది. అదే శాఖలో ఖాతా ఉండి, బ్యాంకువాళ్లు ఎరిగిన పొరుగువారు ఎవరైనా చాలు. అప్పు ఇచ్చే షావుకారు గానీ ఎరువుల కొట్టు యజమాని గానీ సాక్షిగా ఉంటే మాత్రం పాస్‌బుక్ అక్కడే తాకట్టు పడుతుంది. అలాంటివి చాలా చూశాం.

నామినీ విషయంలో లెక్క వేరు. నామినేషన్ ఫారం మీద వేలిముద్ర వేస్తే ఇద్దరు సాక్షులు సంతకం చేయాలి. ఖాతా తెరిచిన రోజు ఒకే సాక్షి ఉండటంతో ఆ ఫారం పక్కన పెట్టేస్తారు, తర్వాత ఎవరికీ గుర్తుండదు. మనిషి పోయాక వారసులు కాగితాల కోసం తిరగాల్సి వస్తుంది. కాబట్టి మొదటి రోజే ఇద్దరు వెళ్లండి. మంచాన పడి బ్యాంకుకు రాలేని ముసలివారికి కూడా దారి ఉంది. వాళ్ల వేలిముద్రను ఇద్దరు సాక్షులు గుర్తించాలి, అందులో ఒకరు బాధ్యత గల బ్యాంకు అధికారి అయి ఉండాలి. చేతి వేలు పనికిరాకపోతే కాలి వేలి ముద్ర కూడా చెల్లుతుంది. "మంచం మీదైనా మోసుకురండి" అనే మేనేజరుకు ఈ సంగతి గుర్తు చేయండి.

ఇప్పుడు బ్యాంకు మిత్ర దగ్గర మిషన్ మీద వేలు పెట్టడం వచ్చింది. కలుపు తీసి, కట్టెలు కొట్టి అరిగిపోయిన వేళ్లను ఆ మిషన్ చాలాసార్లు పట్టదు. ఒకసారి పట్టలేదని రెండోసారి, మూడోసారి వేలు పెట్టిస్తారు. వాటిలో ఎన్నిసార్లు డబ్బు కోశారో స్లిప్పు చూస్తే గానీ తెలియదు. అక్కడ సాక్షీ లేడు, అధికారీ లేడు. స్లిప్పు ఇవ్వకపోతే అదే రోజు పాస్‌బుక్ ప్రింట్ వేయించండి. మిషన్ పట్టనంత మాత్రాన డబ్బు లేదనడానికి లేదు. శాఖకు పోయి కాగితం మీద ముద్ర వేసి తీసుకునే హక్కు అలాగే ఉంది.

మేం అడుగుతున్నది కొత్తది కాదు. వేలిముద్ర ఖాతాదారు వస్తే అధికారి ఎదుటే ఫారం నింపాలి, అంకె పైకి చదివి వినిపించాలి, ఆ తర్వాతే ముద్ర వేయించాలి. డబ్బు ఆ మనిషి చేతికే ఇవ్వాలి, పాస్‌బుక్ అప్పుడే ప్రింట్ చేసి ఇవ్వాలి. ఒప్పుకోని శాఖ మీద మేనేజరుకు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి, నకలు మీద అందినట్టు ముద్ర వేయించుకోండి. ముప్పై రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు పంపొచ్చు. వివరాలకు 14448 నంబరుకు ఫోన్ చేయండి.

గ్రామ కమిటీలు ఈ నెలలో వేలిముద్ర ఖాతాదారుల పాస్‌బుక్కులు ఎవరెవరి దగ్గర ఉన్నాయో ఇంటింటికీ అడిగి జాబితా రాయాలి. సొంత ఇంట్లో లేని ప్రతి పాస్‌బుక్ గురించీ మండల కమిటీకి తెలపాలి.