ఏడు వేలకు ఇచ్చిన చీరలో నాలుగు వేలు ఎవరివి?



మా ఇంట్లో షాదీ ఖరీదీ నడుస్తోంది. పోయిన వారం రాజోలి నుంచి ఒక నేత పెద్దమనిషి మూట కట్టుకుని అలంపూర్‌లో మా ఇంటికి వచ్చాడు. దుల్హన్ కోసం మా ఖాలా అందులోంచి ఒక గద్వాల చీర ఎంచింది. ఒళ్ళంతా నూలు, అంచూ కొంగూ పట్టు. ఆయన పదకొండు వేలు చెప్పాడు. ఖాలా ఫోన్ తీసి ఒక ఫోటో చూపించింది. "అన్నా, అచ్చం ఇదే చీర కర్నూల్లో పదిహేను వందలకే దొరుకుతుంది. ఏడు వేలు తీసుకో, బోణీ బేరం." ఆయన చీర వైపు చూశాడు, గుమ్మం వైపు చూశాడు, "సరే అమ్మా" అన్నాడు. మేమంతా ఖుష్. ఎంత బాగా బేరం చేశావ్ ఖాలా అని తారీఫ్ కూడా చేశాం.

ఆ పెద్దమనిషి చాయ్ తాగుతుంటే పక్కన కూర్చుని లెక్క అడిగాను. అడగకుండా ఉంటే బాగుండేది అనిపించింది తర్వాత.

నూలు, పట్టు, జరీ కలిపి 3,400. రంగులు, పడుగు తయారీ, పోగులు అతికించడం 600. మగ్గం మరమ్మతు, కరెంటు 300. అమ్ముడుపోక మూటలో నలిగిపోయే చీరలకు, అరువు తెచ్చిన డబ్బుకు 500. ఇవి చేతి నుంచి పోయే పైసలు, మొత్తం 4,800. ఇక మెహనత్. ఈ చీరకు ఇద్దరు ఆరు రోజులు కూర్చున్నారు, ఆయనా, ఆయన భార్యా. ఇద్దరెందుకంటే అంచు పోగు, ఒంటి పోగు వేర్వేరు. అంచు దగ్గరికి వచ్చిన ప్రతిసారీ రెండూ ఒకదాన్నొకటి పట్టుకుని వెనక్కి తిరగాలి. ఒంటి చెయ్యితో అది సాగదు. ఇద్దరికి ఆరు రోజులంటే పన్నెండు కూళ్ళు. ఊళ్ళో కూలికి పోతే వచ్చే 500 చొప్పున వేసినా 6,000. మొత్తం 10,800. ఆయన చెప్పిన పదకొండు వేలలో ముని వేళ్ళకు అంటే లాభం కూడా లేదు.

మేమిచ్చింది ఏడు వేలు. అందులోంచి 4,800 తీస్తే మిగిలింది 2,200. పన్నెండు కూళ్ళకు పంచితే రోజుకు 183 రూపాయలు. నూలు దుకాణదారు ఒక్క రూపాయి తగ్గించలేదు. జరీ అమ్మినవాడు తగ్గించలేదు. తగ్గింది ఆ భార్యాభర్తల మజ్దూరీ ఒక్కటే. డిస్కౌంట్ అంటే అదే. ఇంకెవరి జేబులోంచీ రాదు.

ఇప్పుడు నా కోపం మా ఖాలా మీదే కాదు, ఆ పెద్దమనిషి మీద కూడా. ఆయన గలతీ ఒప్పుకోవడంతో మొదలు కాలేదు. పదిహేను వందల చీరను తన చీరకు పోటీ అనుకోవడంతో మొదలైంది. ఒకసారి ఆ ధర దగ్గర నుంచి పైకి లెక్కపెట్టడం మొదలుపెడితే, "దానికంటే ఎంత ఎక్కువ అడగగలను?" అన్నదే సవాల్ అవుతుంది. దానికి జవాబు ఎప్పుడూ తక్కువే వస్తుంది. ఖీమత్ కింద నుంచి కట్టుకుంటూ రావాలి. ముందు సరుకు, తర్వాత రోజులు, తర్వాత నష్టానికి కొంత. ఆ మొత్తం కంటే కిందికి దిగేది లేదు. దిగితే ఏమవుతుందో ఆయనే చెప్పాడు. వచ్చే చీరలో ఆ డబ్బు ఎక్కడో మిగుల్చుకోవాలి కదా, అంచు సన్నమవుతుంది, జరీ నాసిరకం అవుతుంది, పట్టులో వేరే దారం కలుస్తుంది. అలా నాలుగు చీరలు పోయేసరికి అసలు చీర నకిలీని పోలుతుంది. నకిలీ రెండుసార్లు గెలుస్తుంది.

మన జమాత్‌లో కొందరికి ఒక జవాబు ఎప్పుడూ తయారుగా ఉంటుంది. మదీనాలో ధరలు పెరిగినప్పుడు సహాబాలు ధర నిర్ణయించమని అడిగితే ప్రవక్త సల్లల్లాహు అలైహి వసల్లమ్ నిరాకరించారు కదా, ధరలు అల్లాహ్ చేతిలోవి కదా, మార్కెట్‌లో పదిహేను వందలుంటే అదే రేటు అంటారు. ఆ హదీస్ సహీ. కానీ అదే ప్రవక్త బజారులో ధాన్యం కుప్పలోకి చెయ్యి పెట్టారు. లోపల తడి తగిలింది. తడిసింది పైన ఎందుకు పెట్టలేదు, జనం చూసేవారు కదా అని అడిగి, ధోకా చేసేవాడు మనవాడు కాడన్నారు. రెండు హదీసులూ కలిపి చదవాలి. ఇద్దరి రజామందీతో ఏ ధర అయినా సరే, కానీ కొనేవాడికి కుప్ప లోపల ఏముందో తెలియాలి. పవర్‌లూమ్ చీరను పవర్‌లూమ్ చీర అని చెప్పి పదిహేను వందలకు అమ్మితే హలాల్ తిజారత్. గరీబు ఇంటి ఆడపిల్ల అది కట్టుకుంటే ఎవరికీ ఏ ఎతిరాజూ లేదు. అదే చీర మీద గద్వాల అని రాసి అమ్మితే తడి ధాన్యమే. గద్వాల చీరకు జీఐ గుర్తింపు ఉన్నది ఆ పేరు అడ్డదారి పట్టకుండా ఉండటానికే.

ఇంకో వైపు కూడా చెప్పాలి. ధర ఎక్కువైనంత మాత్రాన అసలు అయిపోదు. మిషను చీరకు చేతిమగ్గం ధర వేసేవాళ్ళూ ఉన్నారు. కాబట్టి నేతవాడు నోటితో "అసలు" అంటే చాలదు, కుప్ప తిప్పి చూపించాలి. చీర వెనక్కి తిప్పండి. చేతి చీరలో అంచు రంగు గీత గీసినట్టు ఆగిపోతుంది, అక్కడ రెండు పోగులు ఒకదాన్నొకటి పట్టుకున్న ముడులు వరుసగా కనిపిస్తాయి. చాలా నకలు చీరల్లో ఒంటి పోగే అంచులోకి దూరిపోతుంది, అంచు రంగు మసకబారుతుంది, వెనక తెగిన దారాలు వేలాడతాయి. రెండు అంచుల వెంట సన్నటి సూది రంధ్రాలు చూడండి. బట్ట ముడుచుకోకుండా మగ్గం మీద అడ్డంగా పెట్టే కర్ర గుర్తులవి. చివర్లో ఒక పోగు తీసి కాల్చండి. పట్టు వెంట్రుక కాలిన వాసన వేసి పొడి అవుతుంది, నూలు కాగితం వాసన వేస్తుంది, పాలిస్టర్ కరిగి గట్టి పూస అవుతుంది.

మరి పదకొండు వేలు లేనివాళ్ళ సంగతి? ఆ చీర ధర తగ్గించడం దానికి హల్ కాదు. అదే చెయ్యి రెండు రోజుల్లో నేసే వస్తువు పెట్టాలి, సన్న అంచు నూలు దుపట్టా లాంటిది. దానికీ అదే లెక్క, రోజులు తక్కువ కాబట్టి ధర తక్కువ. కూలి మాత్రం తగ్గదు.

సాయంత్రం లెక్క రాసిన కాగితం మా ఖాలాకు చూపించాను. చాలాసేపు చూసి ఒక్క మాట అంది. "ఈ కాగితం ఆయనే మూటలో పెట్టుకుని వచ్చి ఉంటే నేను బేరం చేసేదాన్నా?" చేసేదేమో, చెప్పలేను. కానీ సవాల్ సరైనదే. ప్రతి చీరతో పాటు ఆ లెక్క ఒక చీటీ మీద పోవాలి: సరుకు ఇంత, రోజులు ఇన్ని, చేతులు ఎన్ని. ఆ చీటీ చూశాక కూడా తగ్గించమనే వాళ్ళకు ఆ పెద్దమనిషి మూట కట్టుకుని లేచి వెళ్ళిపోవాలి.

మిగిలిన నాలుగు వేలు మరుసటి రోజు రాజోలికి పంపించాం. అది ఎహ్‌సాన్ కాదు, బాకీ. వలీమా దావత్‌లో ఒక్క దేగ్ బిర్యానీకి బేరం చేయని మనం, ఆరు రోజుల రెండు జతల చేతులతో ఎందుకు బేరం చేస్తున్నామో ప్రతి ఇల్లూ ఒకసారి ఆలోచించుకోవాలి. ఖుదా హాఫిజ్.