ఫొటో చూసి బియ్యం బేరమా?

బియ్యం బజారులో మచ్చు సంచి స్థానాన్ని ఇప్పుడు ఫోనులో వచ్చే ఫొటో ఆక్రమించింది. దలాలు గుప్పెడు గింజలను దగ్గరగా ఫొటో తీసి పంపడం, కొనుగోలుదారు చూసి ధర చెప్పడం పరిపాటి అయింది. ఫొటో బొత్తిగా పనికిరాదని అనలేము. అది ఎంతవరకు సాక్ష్యమో తెలిసి బేరమాడాలి.

ఫొటో నమ్మకంగా చెప్పేది గింజ ఆకారమే. నల్లని గుడ్డపై స్కేలు పక్కన పది గింజలను కొన నుంచి కొనకు వరుసగా పేర్చగా 68 మిల్లీమీటర్లు, పక్కపక్కన చేర్చగా 19 మిల్లీమీటర్లు వచ్చాయనుకుందాం. సగటు పొడవు 6.8, వెడల్పు 1.9, నిష్పత్తి సుమారు 3.6. బాస్మతికి వాడుకలో ఉన్న 6.61 పొడవు, 3.5 నిష్పత్తి రెండూ దాటినట్లే. అయితే షర్బతి, సుగంధ వంటి పొడుగు రకాలు కూడా ఆ కొలతకు రాగలవు. వాసన, వండితే సాగే గుణం ఫొటోలో దొరకవు. పైగా పది గింజలను ఏరినవాడు అమ్మకందారే! కెమెరాను నిటారుగా పైన పట్టకపోతే పొడవు కొలత కూడా తప్పుతుంది.

పొట్టి రకం విషయంలో మోసం మరొకటి. పొడుగు బియ్యపు నూక చిట్టిముత్యాలలా కనబడవచ్చు. కొనలను పరిశీలించాలి. నిండు గింజకు ఒక కొన పక్కన మొలక ఊడిన నొక్కు, రెండో కొనకు నున్నని గుండ్రం ఉంటాయి. నూకకు ఒకవైపు విరిగిన ముఖం కనబడుతుంది.

ఉప్పుడు బియ్యం దగ్గరే అసలు చిక్కు. ఆవిరిలో పిండిపదార్థం ఉడికి గట్టిపడడంతో పొట్టలోని సుద్ద తెలుపు పోయి, గింజ అద్దంలా, పసుపు ఛాయతో ఉంటుంది. కాని బల్బు వెలుగులో తీస్తే పచ్చి బియ్యం కూడా పసుపే. కాబట్టి రంగును నమ్మక, సుద్ద మచ్చ కోసం చూడాలి. చాలా గింజల్లో మచ్చ ఉంటే అది సరిగా ఉప్పుడు చేసిన సరుకు కాదు. మచ్చ లేనంత మాత్రాన ఉప్పుడని చెప్పలేము. మేలిరకం పచ్చి బియ్యానికి కూడా అది ఉండకపోవచ్చు.

ఇది గుమాస్తాల తగాదా కాదు. 2023 జూలైలో బాస్మతి కాని పచ్చి తెల్ల బియ్యం ఎగుమతిని నిషేధించాక, ఆ సరుకు ఉప్పుడు, బాస్మతి పేర్లతో ఓడలెక్కుతున్నదని ఆగస్టులో కేంద్రమే ప్రకటించింది. కాకినాడ రేవుకు బియ్యం పంపేవారికి ఆ నెలలు గుర్తుండే ఉంటాయి.

మా అభిప్రాయంలో ఫొటో పిలుపు ధరకే పరిమితం కావాలి. ఖరారు చీటీలో సీలు వేసిన కిలో మచ్చు, నూక శాతం, తేమ రాసుకోవాలి. బాస్మతి అయితే డీఎన్ఏ పరీక్ష ఖర్చు ఎవరిదో కూడా లారీ కదలకముందే తేల్చుకోవాలి.