చాప్టర్‌ని ముక్కలు కోస్తే పోస్టులైపోవు

పీహెచ్‌డీ చేస్తున్న ఓ పాఠకురాలు అడిగారు: "నల్గొండ వైపు ఊళ్లలో బోరు నీళ్లలోని ఫ్లోరైడ్ మీద నా థీసిస్. అందులో ఒక చాప్టర్‌ని మామూలు జనం ఫోన్లో చదువుకునేలా చిన్న పోస్టులుగా పెట్టాలనుంది. ఎక్కణ్నుంచి మొదలుపెట్టాలి?" ఇలాంటి పని నేనూ చేస్తుంటాను కాబట్టి, ఆమె అంశాన్నే తీసుకుని చెప్తాను.

చాలామంది చాప్టర్‌ని పది ముక్కలు కోసి రోజుకొకటి పెడతారు. మొదట పాత పరిశోధనలు, తర్వాత శాంపిళ్లు తీసిన పద్ధతి, ఆ తర్వాత పట్టికలు. అసలు విషయం ఎనిమిదో రోజుకి వస్తుంది. అప్పటికి చదివేవాళ్లు మిగలరు. చాప్టర్ ఆ వరసలో ఉండేది దాన్ని దిద్దే ప్రొఫెసర్ కోసం. ఆయనకి ముందు మీ పద్ధతి మీద నమ్మకం కుదరాలి. బోరు నీళ్లు తాగే మనిషికి మాత్రం ఒకటే కావాలి: మా నీళ్లు తాగొచ్చా?

అందుకే ముందు చాప్టర్ మూసేయండి. జనం అడిగే ప్రశ్నలు కాగితం మీద రాసుకోండి. తాగొచ్చా? కాచి తాగితే ఫ్లోరైడ్ పోతుందా? పక్క బోరులో లేనిది మా బోరులో ఎందుకుంది? ఒక్కో ప్రశ్నకి ఒక్కో పోస్టు. ఆ తర్వాతే చాప్టర్ తెరిచి జవాబులు వెతకండి.

కొన్నిటికి జవాబు మీ చాప్టర్లో ఉండదు. కాచడం సంగతే చూడండి. ఫ్లోరైడ్ క్రిమి కాదు, చావడానికి. నీళ్లు ఆవిరైపోతాయి, ఫ్లోరైడ్ గిన్నెలోనే ఉంటుంది. అంటే మిగిలిన నీళ్లలో ఇంకాస్త చిక్కబడుతుంది. ఇది మీరు కనిపెట్టింది కాదు, ఎప్పుడో తెలిసిన సంగతే. పోస్టులో ఆ మాట చెప్పి, రాయండి.

"కాల్షియంకి, ఫ్లోరైడ్‌కి మధ్య విలోమ సంబంధం గమనించాం" అని చాప్టర్లో ఒక వాక్యం ఉందనుకుందాం. పోస్టులో అది ఇలా మారాలి: "గ్రానైట్‌లోని కొన్ని ఖనిజాల్లో ఫ్లోరైడ్ ఉంటుంది. నీళ్లు ఏళ్ల తరబడి ఆ రాళ్ల సందుల్లో నిలిస్తే, అది కొద్దికొద్దిగా కరుగుతుంది. నీళ్లలో కాల్షియం బాగా ఉంటే ఫ్లోరైడ్‌తో కలిసి గట్టి పదార్థంగా విడిపోతుంది. కాల్షియం తక్కువైతే ఫ్లోరైడ్ నీళ్లలోనే ఉండిపోతుంది. పక్కపక్క బోర్లలో తేడాకి ఇదొక కారణం." ఇక్కడే ఆగకూడదు. ఇది చదివి ఎవరైనా బోరులో సున్నం పోయొచ్చు. "అలాగని బోరులో సున్నం వేస్తే సరిపోదు" అన్న వాక్యం ఆ పోస్టులోనే ఉండాలి.

అంకెలతో ఇంకా జాగ్రత్త. మన దేశంలో తాగునీటికి పెట్టిన ప్రమాణం ప్రకారం ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదు. వేరే నీళ్లు దొరకనప్పుడు 1.5 వరకు ఒప్పుకుంటారు. మీరు 40 బోర్లు పరీక్షిస్తే 24 బోర్లు 1.5 దాటాయనుకోండి. "60 శాతం బోర్లలో విషం" అని రాస్తే పోస్టు క్షణాల్లో తిరిగేస్తుంది. కానీ ఆ 40 బోర్లూ ఫ్లోరోసిస్ ఫిర్యాదులున్న ఊళ్లలోనే ఎంచుకున్నవైతే? ఆ శాతం జిల్లాకి వర్తించదు. థీసిస్‌లో ఈ సంగతి పద్ధతుల విభాగంలో ఉంటుంది, ప్రొఫెసర్ అది చదివే ఫలితాల దాకా వస్తారు. ఫోన్లో అలా కాదు. మూడో పోస్టు ఒక్కటే ఫార్వర్డ్ అవుతుంది, ఒకటీ రెండూ వెనకే ఉండిపోతాయి. కాబట్టి పరిమితి అంకె పక్కనే ఉండాలి: "ఫిర్యాదులున్న ఊళ్లలో పరీక్షించిన 40 బోర్లలో 24 పరిమితి దాటాయి. జిల్లా అంతా ఇలాగే ఉందని దీని అర్థం కాదు."

బోర్ల మ్యాప్ కూడా ఉన్నదున్నట్టు పెట్టకండి. ఎవరి పొలంలో బోరో తెలిసిపోతే ఆ ఇంటివాళ్లకి ఇబ్బంది. నీళ్లు పట్టుకోనిచ్చినప్పుడు వాళ్లు ఒప్పుకున్నది పరిశోధనకి మాత్రమే. చాప్టర్ జర్నల్‌కి వెళ్లబోతుంటే, ఎంతవరకు బయటపెట్టొచ్చో ముందే మీ గైడ్‌ని అడగండి.

పెట్టేముందు ఒక పరీక్ష. సైన్స్ చదవని ఒకరికి ఒక్క పోస్టే చూపించి, ఫోన్ తీసేసుకుని అడగండి: "ఇప్పుడు మీరేం చేస్తారు?" "బాగుంది, అర్థమైంది" అంటే ఏమీ తేలలేదన్నమాట. "కాచి తాగుతాను" అన్నా, "ఆ నీళ్లతో స్నానం కూడా మానేస్తాను" అన్నా, మళ్లీ రాయాల్సిందే. "మా బోరు నీళ్లు పరీక్షకి ఇస్తాను, ఫలితం వచ్చేదాకా తాగడానికి, వంటకి వేరే నీళ్లు వాడతాను" అన్నారా? ఇక ఆ పోస్టు పెట్టేయొచ్చు.