తేటనీళ్లలో మునగపొడి ఎందుకు పనిచేయలేదు?

సైన్స్ ఫెయిర్ అనగానే మనవాళ్లు చాలామంది మునగగింజల పొడితో నీళ్లు తేర్చే ప్రాజెక్టు చేస్తారు. వాగు బురదనీళ్లలో అది బాగానే పనిచేస్తుంది. అదే పొడి ఊటనీళ్లలో వేస్తే ఒక్కోసారి నీళ్లు ఇంకా మసకబారతాయి. అప్పుడు ఆ సీసా పక్కనపెట్టేసి, బాగా వచ్చినదే చూపిస్తుంటారు. అలా వద్దంటాం మేము. అసలు ప్రశ్న పక్కనపెట్టిన సీసాలోనే ఉంది.

గింజలోని ప్రోటీన్‌కు ధనావేశం, మట్టి రేణువులకు రుణావేశం. రెండూ అతుక్కుని, ముద్దలై అడుక్కి దిగుతాయి. తేటనీళ్లలో పట్టుకోవడానికి మట్టే ఉండదు, అందుకే వేసిన పొడే తేలుతూ మిగిలిపోతుంది.

కాబట్టి కొత్త టాపిక్ ఇది: "ఎంత బురద ఉంటే మునగపొడి పనికొస్తుంది?" ఊటనీళ్లు తీసుకుని, ఒకదాంట్లో మట్టి కలపకుండా, మిగతా మూడింట్లో కొద్దికొద్దిగా పెంచుతూ కలపండి. ఒక్కోదాన్ని రెండు సీసాల్లో పోసి, ఒకదాంట్లోనే పొడి వేయండి. రెండోది ఎందుకంటే, బురద దానంతటదే కూడా దిగుతుంది కదా! పొడి ఎంతో, కలిపే సేపెంతో అన్నింటికీ ఒకేలా ఉండాలి.

గంటయ్యాక పైనీళ్లను పొడవాటి గాజుగొట్టంలో మెల్లగా పోయండి. అడుగున పెట్టిన నల్లగుర్తు ఎంత ఎత్తులో మాయమైందో స్కేలుతో కొలిచి రాయండి. చివరిదాకా కనిపిస్తే అదే రాయండి.

తేరిన నీళ్లలోనూ క్రిములుండొచ్చు, మరిగించాకే తాగాలి. ఆ మాట కూడా చార్టు మీద ఉండాల్సిందే.